పాలు, నిమ్మరసంతో బటర్ మిల్క్: కేక్‌కి ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు రాదు

ఇంట్లో కాస్త పులిసిన పెరుగు ఉంటే ముందు దాని సంగతి చూడండి. ముప్పావు కప్పు పెరుగులో పావు కప్పు నీళ్లు పోసి, ఉండలు లేకుండా చిలికితే చాలు. కేక్ రెసిపీల్లో అడిగే బటర్ మిల్క్‌కి మనింట్లో దొరికే వాటిలో అదే అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. పాలల్లో నిమ్మరసం కలిపే పద్ధతి దాని తర్వాతే. అయినా దాని అవసరం తరచూ పడుతూనే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యేసరికి పెరుగు గిన్నె ఖాళీ అవుతుంది, అడుగున మిగిలిన చెంచాడు రేపటి తోడుకి ఉంచుతాం. రేపు స్కూల్‌కి కప్ కేకులు పట్టుకెళ్లాలని పిల్లలు సరిగ్గా అప్పుడే చెప్తారు. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ ఉంటుంది, రెండు నిమ్మకాయలు ఉంటాయి. వాటితో ఏం చేయొచ్చో, ఎంతవరకు నమ్మొచ్చో ఇక్కడ చెప్తాను.

రెసిపీలో బటర్ మిల్క్ అని ఉంది కదా అని అన్నంలో పోసుకునే మజ్జిగ మాత్రం పోసేయకండి. వాళ్లు చెప్పేది పాలను పులియబెట్టి చేసిన చిక్కటి సరుకు, దాంట్లో నీళ్లు కలపరు. మన పల్చటి మజ్జిగలో సగానికి పైగా నీళ్లే, పులుపూ తక్కువే. అది పోస్తే పిండి జారిపోతుంది, కేక్ పొంగదు. ఇక షాపులో దొరికే మజ్జిగ ప్యాకెట్లలో ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు ఉంటాయి. వనిలా కేక్‌లోంచి పోపు వాసన రావాలని ఎవరికీ ఉండదు.

అసలు పులుపు ఎందుకు

వంట సోడా ఒక్కటే పిండిలో వేస్తే సరిగ్గా పనిచేయదు. దానికి పులుపు తగిలితేనే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ బాగా పుడుతుంది. ఆ బుడగలే పిండిని పైకి లేపుతాయి. బటర్ మిల్క్ పోయమని చెప్పే రెసిపీల్లో దాదాపు ఎప్పుడూ వంట సోడా కూడా ఉండేది అందుకే. బటర్ మిల్క్ తీసేసి మామూలు పాలు పోశారనుకోండి, సోడాకి తోడు దొరకదు. చాలా భాగం సోడాగానే మిగిలిపోయి, కేక్ తింటే సబ్బు నాకినట్టు ఉంటుంది. లోపలి రంగు కూడా పసుపు, గోధుమ కలిసినట్టు మారుతుంది.

పులుపు ఇంకో పని కూడా చేస్తుంది. మైదాకి సాగే గుణమిచ్చే గ్లూటెన్‌ని కాస్త మెత్తబరుస్తుంది కాబట్టి కేక్ సాగకుండా, పొడిపొడిగా కాకుండా మెత్తగా వస్తుంది. ఈ రెండు పనులూ నిమ్మరసం కలిపిన పాలు చేయగలవు. బటర్ మిల్క్‌కి ఉండే చిక్కదనం, పులియడం వల్ల వచ్చే కమ్మటి వాసన మాత్రం వీటికి రావు. ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ రావు అన్నదంతా ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

కొలత, కలిపే పద్ధతి

ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్లకి, 1 టేబుల్ స్పూన్ నిమ్మరసం కావాలి. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, అంటే 3 టీస్పూన్లు. అన్నం వడ్డించే స్టీలు గరిటెని, టిఫిన్ తినే చెంచాని దీనికి వాడకండి, వాటికి ఒక కొలత అంటూ ఉండదు. కొలత కప్పులు, స్పూన్ల సెట్ బేగం బజార్‌లోనే కాదు, ఇప్పుడు గిన్నెలమ్మే ఏ షాపులో అడిగినా ఇస్తారు. వేరే వంటల్లో కళ్లతో చూసి వేసేస్తాం, సోడా ఉన్న చోట మాత్రం అది కుదరదు.

నిమ్మకాయల విషయానికి వస్తే, ఒక కాయలో ఇంత రసం ఉంటుందని చెప్పలేం. వానాకాలంలో రైతు బజార్‌లో దొరికే పల్చటి తొక్క కాయ ఒకటి పిండితే టేబుల్ స్పూన్ నిండిపోతుంది. ఎండాకాలంలో ధర మండిపోతున్నప్పుడు కొన్న చిన్న, గట్టి కాయలు రెండు పిండినా నిండకపోవచ్చు. అందుకే 'అర చెక్క పిండండి' లాంటి కొలతలు నమ్మకండి, రసాన్ని స్పూన్‌తోనే కొలవండి. విదేశీ రెసిపీల్లో రాసేది పెద్ద పసుపు రంగు కాయ. మన నిమ్మకాయ దానికంటే కాస్త ఎక్కువ పుల్లగా ఉంటుంది, ఈ పనికి అది మంచిదే. పిండే ముందు కాయని గట్టు మీద అరచేత్తో దొర్లించండి. గింజలు పడకుండా టీ వడకట్టే జాలీలోంచి పిండండి. తొక్క మెలికలు తిరిగేదాకా మాత్రం పిండొద్దు, తొక్కలోని నూనె, చేదు రెండూ రసంలోకి దిగుతాయి. సీసాల్లో వచ్చే లెమన్ స్క్వాష్‌లో చక్కెర ఉంటుంది, అది పనికిరాదు.

రసం ముందు కప్పులో పోయండి. ఆ తర్వాత పాలు పోస్తూ 240 గీత దాకా నింపండి. ఇలా చేస్తే రసం, పాలు కలిపి సరిగ్గా ఒక కప్పు అవుతుంది. కప్పు నిండా పాలు తీసుకుని పైన రసం పోస్తే ఒక స్పూన్ ఎక్కువవుతుంది. అదేం పెద్ద తప్పు కాదు గానీ, గట్టిగా ఉండాల్సిన పిండిలో ఆ స్పూనే తేడా తెస్తుంది. స్పూన్‌తో రెండు మూడు సార్లు తిప్పి వదిలేయండి. చిలక్కండి.

పాలు ఎంత వేడిగా ఉన్నాయన్నది ముఖ్యం. కాచిన పాలయినా పర్లేదు, ప్యాకెట్ కత్తిరించి నేరుగా పోసినా పర్లేదు, కాచినవైతే పూర్తిగా చల్లారాలి. మీగడ తీసి పక్కన పెట్టండి. గోరువెచ్చని పాలల్లో నిమ్మరసం పడితే పలుకులు పెద్దవవుతాయి, వేడి పాలల్లో పడితే పనీరే అవుతుంది. తెల్లటి ముద్దలు ఒక పక్క, ఆకుపచ్చ ఛాయ ఉన్న తేట నీళ్లు ఇంకో పక్క విడిపోతే అది కేక్‌కి పనికిరాదు. దాన్ని గుడ్డలో కట్టి కూరలో వేసుకుని, కొత్తగా మొదలుపెట్టండి.

రెసిపీల్లో పాలు గది ఉష్ణోగ్రతలో ఉండాలని రాస్తారు. హైదరాబాద్‌లో డిసెంబర్ పొద్దున ఆ మాట సరిపోతుంది. మే నెల మధ్యాహ్నం వంటగదిలో 38, 40 డిగ్రీలు ఉంటే గట్టు మీద పెట్టిన పాలు కూడా గోరువెచ్చగానే ఉంటాయి. అలాంటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి ఐదు నిమిషాలు మాత్రం బయట ఉంచి వాడండి. చలికాలంలో దీనికి తలకిందులు: ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే పోస్తే విరగడానికి ఎక్కువసేపు పడుతుంది, పైగా రెసిపీలో కరిగించిన వెన్న ఉంటే చల్లటి పాలు తగిలి గడ్డకడుతుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

5 నుంచి 10 నిమిషాలు చాలు. ఆ తర్వాత గాజు గ్లాసులో కొంచెం పోసి ఒక పక్కకి వంచి, మళ్లీ నిలబెట్టి చూడండి. మామూలు పాలయితే గాజు మీంచి నున్నగా జారిపోతాయి. ఇవి జారిపోతూ సన్నటి పొర వదులుతాయి, ఆ పొరలో బొంబాయి రవ్వకంటే చిన్న పలుకులు కనిపిస్తాయి. అంతే, అయిపోయినట్టే. పెరుగులా గట్టిపడుతుందని ఎదురుచూడకండి, అది ఎంతసేపు ఉంచినా రాదు.

ఎందుకంటే పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత పాలల్లో 6.6 దగ్గర ఉంటుంది. కేసిన్ అనే ప్రొటీన్ పూర్తిగా ముద్దకట్టాలంటే అది 4.6 దగ్గరికి దిగాలి. కప్పుకి ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం దాన్ని అంతదాకా దించదు, పైనే ఆగిపోతుంది. కాబట్టి పాలు సగం సగమే విరుగుతాయి. మనకి కావాల్సింది ముద్ద కాదు, పులుపు. పలుకులు సరిగ్గా కనబడకపోయినా పులుపు కప్పులోనే ఉంది కాబట్టి సోడా పని సోడా చేస్తుంది. విరగలేదని టెన్షన్ పడి ఇంకో రెండు స్పూన్ల రసం పోసేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. అలా పోస్తే కేక్ పుల్లగా అవుతుంది, పైభాగం ఎంతసేపు కాల్చినా ఎర్రబడదు. పులుపు ఎక్కువైన పిండి త్వరగా రంగు తిరగదు మరి.

ఏ పాలు వాడాలని అడిగితే, గేదె పాలు దొరికితే అవే. వాటిలో ప్రొటీన్, వెన్న రెండూ ఎక్కువ కాబట్టి విరిగాక కాస్త చిక్కగా ఉంటుంది, బటర్ మిల్క్‌కి దగ్గరగా వస్తుంది. ప్యాకెట్ పాలల్లో 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ బాగుంటుంది, 3 శాతం ఉండే టోన్డ్ పాలూ సరిపోతాయి. డబుల్ టోన్డ్‌తో కేక్ పొంగుతుంది గానీ తినేటప్పుడు కాస్త పేలవంగా ఉంటుంది. టెట్రా ప్యాక్ పాలు కూడా పనిచేస్తాయి, చక్కెర కలిపిన బాదం పాలు మాత్రం వద్దు.

ఇంకో చిన్న పరీక్ష. తయారైన పాలల్లోంచి ఒక స్పూన్ గిన్నెలోకి తీసుకుని చిటికెడు వంట సోడా వేయండి. వెంటనే నురగ పొంగాలి. పొంగకపోతే తప్పు పాలది కాకపోవచ్చు, మీ సోడా డబ్బా పాతబడి ఉంటుంది. మూడు వందల గ్రాముల మైదా, చక్కెర, నూనె పోసి కేక్ చెడగొట్టుకోవడం కంటే ఒక స్పూన్ పాలు పోవడం నయం.

ఒక కేక్ మీద చూద్దాం

గుడ్డు లేని వనిలా కేక్ తీసుకుందాం, ఎందుకంటే తప్పు జరిగితే దాచుకోవడానికి దాంట్లో ఏమీ ఉండదు. చాక్లెట్ కేక్‌లో కోకో రంగు, రుచి చాలా వాటిని కప్పేస్తాయి. మీ దగ్గరున్న రెసిపీలో ఇలా ఉందనుకోండి: మైదా ఒకటిన్నర కప్పు, చక్కెర ముప్పావు కప్పు, బటర్ మిల్క్ 1 కప్పు, నూనె 1/3 కప్పు, వంట సోడా అర టీస్పూన్, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, వనిలా 1 టీస్పూన్, చిటికెడు ఉప్పు.

ఒక కప్పు బటర్ మిల్క్‌కి అర టీస్పూన్ సోడా అనేది బేకింగ్‌లో పాత లెక్క. నిమ్మరసం పాలల్లో పులుపు అసలైన బటర్ మిల్క్‌లో ఉన్నంత ఉండదు. అందుకే ఆ అర టీస్పూన్ మొత్తాన్ని అవి అరిగించలేవు, కొంత సోడా మిగులుతుంది. అరటిపండు కేక్‌లోనో, చాక్లెట్ కేక్‌లోనో ఆ మిగులు తెలియదు. వనిలాలో తెలుస్తుంది. కాబట్టి సోడాని పావు టీస్పూన్‌కి తగ్గించండి. తగ్గించిన పావు టీస్పూన్ సోడాకి బదులు 1 టీస్పూన్ బేకింగ్ పౌడర్ చేర్చండి. పొంగించే శక్తిలో ఈ రెండూ సుమారుగా సమానం, పైగా బేకింగ్ పౌడర్‌లో దానికి కావాల్సిన పులుపు దాంట్లోనే ఉంటుంది. ఇప్పుడు మన లెక్క వంట సోడా పావు టీస్పూన్, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్ అయింది. మిగతావి ఏవీ మార్చకండి. స్పూన్లు గుట్టగా కాకుండా కత్తి వెనకభాగంతో చదును చేసి కొలవండి.

ముందుగా ఓటీజీని 180 డిగ్రీల దగ్గర వేడెక్కనివ్వండి. 8 అంగుళాల గుండ్రటి టిన్‌కి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేయండి. ఇవి రెండూ అయ్యాకే పిండి కలపడం మొదలుపెట్టాలి. పులుపు తగిలిన క్షణం నుంచే సోడా గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది, ఓవెన్ వేడెక్కేదాకా అది మనకోసం ఆగదు.

మైదా, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. ఇంకో గిన్నెలో నూనె, చక్కెర, వనిలా, నిమ్మరసం పాలు కలిపి చక్కెర చాలావరకు కరిగేదాకా తిప్పండి. ఈ గిన్నెలో పాలు మరికాస్త విరిగినట్టు కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు, ఆ పలుకులు కేక్‌లో ఎక్కడా కనబడవు. ఇప్పుడు పొడి పిండిని రెండు విడతలుగా వేసి, పొడి మైదా కనిపించకుండా పోయేదాకా మాత్రమే కలపండి. చిన్న చిన్న ఉండలు మిగిలినా వదిలేయండి. బాగా కొట్టి కలిపితే పుట్టిన బుడగలు పోతాయి, గ్లూటెన్ సాగి కేక్ గట్టిపడుతుంది.

పిండి గరిటెలోంచి తెంపు లేకుండా రిబ్బన్‌లా జారాలి. నీళ్లలా పడుతుంటే 1 టేబుల్ స్పూన్ మైదా జల్లించండి. నిమ్మరసం పాలు బటర్ మిల్క్ కంటే పల్చన కాబట్టి ఒక్కోసారి ఇలా అవుతుంది, మైదా రకాన్ని బట్టి కూడా ఉంటుంది. వెంటనే టిన్‌లోకి పోసి, ఓవెన్ మధ్య అరలో పెట్టి 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి. 28 నిమిషాల ముందు తలుపు తీయకండి. మధ్యలో టూత్‌పిక్ గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి, అంచులు టిన్ నుంచి కాస్త విడిపోవాలి.

కేక్ మధ్యలో గుంట పడితే పిండి కలిపాక ఆలస్యమైందన్నా అనుకోవాలి, సోడా ఎక్కువైందన్నా అనుకోవాలి. రెండింట్లో ఏదో తేల్చుకోవాలంటే ముక్క కోసి వాసన చూడండి. సబ్బు వాసన, నాలుక మీద లోహం తగిలినట్టు రుచి ఉంటే సోడాదే తప్పు. అలాంటివేమీ లేకుండా కిందిభాగం మాత్రం ముద్దగా ఉంటే ఆలస్యం వల్లే. పొంగు బాగానే ఉండి, తెల్లగా పాలిపోయి, తింటే నిమ్మకాయ తెలుస్తుంటే రసం కొలత మీరిందన్నమాట.

బటర్ మిల్క్ ఊసే లేని, పాలు, బేకింగ్ పౌడర్‌తో చేసే రెసిపీలో కేక్ మెత్తగా వస్తుందని ఈ పాలు పోయాలనిపిస్తే, అలాగే పోసేయకండి. బేకింగ్ పౌడర్ తన లెక్క తను చూసుకుంటుంది కాబట్టి మీరు చేర్చిన పులుపు మిగిలిపోతుంది. కప్పు పాలకి 1 టీస్పూన్ బేకింగ్ పౌడర్ తగ్గించి, బదులుగా పావు టీస్పూన్ సోడా వేయండి.

ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

పాన్‌కేకులకి ఇది బాగా కుదురుతుంది, పెనం మీద పోయగానే బుడగలు లేస్తాయి. మఫిన్లు, అరటిపండు కేక్, చాక్లెట్ కేక్, కప్ కేకులు వీటన్నిటికీ ఢోకా లేదు. స్కోన్‌లలాంటి గట్టి పిండికి మాత్రం జాగ్రత్తగా పోయాలి. పాలు పల్చన కాబట్టి కప్పు మొత్తం ఒకేసారి పోస్తే పిండి చేతికి అంటుకుపోతుంది. 2 టేబుల్ స్పూన్లు పక్కన ఉంచుకుని, ముద్ద కట్టకపోతేనే కలపండి.

చికెన్ నానబెట్టడానికి ఇది వద్దు. ఫ్రైడ్ చికెన్ రెసిపీల్లో బటర్ మిల్క్‌ది రెండు పనులు, ముక్కని మెత్తబరచడం, పైన మైదా అంటుకునేలా పట్టి ఉంచడం. నిమ్మరసం పాలు ముక్క మీద నిలవవు, కారిపోతాయి. అక్కడ చిలికిన పెరుగే వాడాలి. సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్‌లు, డిప్‌లు కూడా అంతే. వాటిలో బటర్ మిల్క్ రుచే ప్రధానం, దాని స్థానంలో పాలు, నిమ్మకాయ విడివిడిగా నాలుకకి తగులుతాయి. మజ్జిగ పులుసు సంగతి చెప్పక్కర్లేదు, పొయ్యి మీద పెట్టగానే పనీరు పలుకులు తేలుతాయి.

దీంతో పెరుగు తోడుకోదు కూడా. పెరుగుని పేరబెట్టేది బ్యాక్టీరియా, నిమ్మరసంలో అది లేదు. అందుకే రాత్రంతా పులియబెట్టాల్సిన బ్రెడ్ పిండిలో బటర్ మిల్క్‌ని రుచి కోసం పోయమంటే ఇది పోసినా ఆ రుచి రాదు.

నిమ్మకాయ కూడా లేకపోతే, నూడుల్స్ కోసం కొన్న తెల్ల వెనిగర్ అదే కొలతలో, కప్పుకి 1 టేబుల్ స్పూన్ వాడొచ్చు. కలిపినప్పుడు ఘాటు వాసన వస్తుంది, కేక్ కాలాక అది తెలియదు. వనిలా కేక్‌లో నిమ్మకాయ ఛాయ అస్సలు ఉండకూడదనుకుంటే నేనైతే వెనిగరే పోస్తాను.

కలిపిన పాలని ముందురోజు చేసి ఉంచుకుంటే లాభమేమీ లేదు. గంట దాటితే తేట పైకి చేరుతుంది, వాడేముందు ఒకసారి తిప్పాలి. ఎండాకాలంలో గట్టు మీద మర్చిపోతే పారబోయాల్సిందే. పావు కప్పో అర కప్పో మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చపాతీ పిండిలో నీళ్లకి బదులు కలిపేయండి.